ఎడమ మలుపు

పత్తర్‌గట్టిలో షేర్వానీలు కుట్టే ఇల్లు సాయిలుది. తాత, తండ్రి, ఇద్దరన్నలు అందరూ అదే పని. అన్నలు మిషను తొక్కుతుంటే సాయిలు మాత్రం గోడవారగా చాప వేసుకుని చేతికుట్టు కుట్టేవాడు. నాలుగో ఏట వచ్చిన జ్వరం అతని ఎడమకాలిలోని సత్తువంతా తీసుకుపోయింది. నిలబడితే ఆనుతుంది, నడిస్తే ఈడ్చుకొస్తుంది. దేన్నైనా తన్నాలన్నా నొక్కాలన్నా మాత్రం అది అతని మాట వినదు. కాలు వినని లోటంతా చేతులు తీర్చాయి. సాయిలు వేసిన కుట్టు అంగుళానికి ఎనిమిది పడితే చివరిదాకా ఎనిమిదే. ఒకటి ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు.

నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ తర్వాత షేర్వానీలు తొడిగేవాళ్ళు తగ్గిపోయారు. దుకాణంలో ముగ్గురికి సరిపడా పని లేదు. అలాంటి రోజుల్లోనే రామానుజం అనే ఆయన కోటు జేబు చిరిగిందని వచ్చాడు. శాలిబండలో వాళ్ళది పాత కుటుంబం. తండ్రి గుళ్ళో స్వామి కైంకర్యం చేస్తే, కొడుకు వైమానిక దళంలో పనిచేసి వచ్చి, బేగంపేటలోని ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్పేవాడు. కుట్టిన జేబును వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడాయన.

"చేత్తోనే కుట్టినవా?"

"అవును సాబ్. మిషనుకు నా కాలు పనికిరాదు."

"మా దగ్గర విమానాలకు గుడ్డ కుట్టాలె. రెక్కలకు. వస్తవా?"

విమానానికి గుడ్డ ఏమిటని సాయిలు నవ్వాడు. మరునాడు అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి బేగంపేట వెళ్ళి చూశాక నవ్వు ఆగిపోయింది. షెడ్డులో టైగర్ మాత్ అనే, పైన ఒక జత కింద ఒక జత రెక్కలుండే విమానం రెక్కలు విప్పి బల్లల మీద పడుకోబెట్టారు. లోపలంతా సన్నని చెక్క పక్కటెముకలు, వాటి మీద లినెన్ గుడ్డ. పాత గుడ్డ ఒలిచేసి, కొత్తది తొడిగి, మైనం పట్టించిన దారంతో ప్రతి ఎముకకూ కలిపి కుట్టాలి. పైన డోపు అనే ఘాటైన రంగు పూస్తే గుడ్డ డోలు చర్మంలా బిగుస్తుంది. ఆ గుడ్డమీద గాలి ఒత్తితేనే మనిషి ఆకాశంలో నిలబడతాడు. సాయిలు ఆ రోజే చేరిపోయాడు. అప్పటికతనికి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఆ రోజు నుంచే అతనికి తనూ ఎగరాలన్న ఆశ పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. తను కుట్టిన రెక్క గాలిలోకి లేచినప్పుడల్లా చేతిలోని సూది ఆగిపోయేది. శబ్దం దూరమయ్యేదాకా షెడ్డు గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఇంటికెళితే భార్య సత్తెమ్మ కంచంలో అన్నం పెట్టి, "మనసు ఏడున్నదయ్యా నీది?" అని అడిగేది. "ఈడనే ఉన్నది" అనేవాడు.

కుట్టుపని చేసుకుంటూనే చెవులు మాత్రం రామానుజం పాఠాల వైపు పెట్టేవాడు. ఆయన కొత్తగా చేరినవాళ్ళను షెడ్డులోనే కూర్చోబెట్టి చెప్పేవాడు. విమానాన్ని పక్కకు వంచేందుకు కింది రెక్కల వెనక అంచున రెండు కదిలే పలకలుంటాయి. వాటిని ఐలరాన్లు అంటారు. చేతిలోని కర్రను ఎడమకు వంచితే ఎడమ పలక పైకి, కుడి పలక కిందికి పోతుంది. ఎడమ రెక్క వాలుతుంది, కుడి రెక్క లేస్తుంది. తోక మీద నిలువుగా ఉండే పలక రడ్డర్. దాన్ని తిప్పడానికి పాదాల కింద, నడుమ మేకు మీద అటూ ఇటూ తిరిగే ఒక అడ్డదండె ఉంటుంది. ఎడమ పాదం నొక్కితే ముక్కు ఎడమకు, కుడి పాదం నొక్కితే కుడికి పోతుంది. ఆ పలకలకు గుడ్డ కుట్టింది సాయిలే కాబట్టి, అవి ఎంత పైకి పోతాయో, ఎంత కిందికి వస్తాయో అతనికి అంగుళాలతో సహా తెలుసు. పైకి పోయేది ఎక్కువ, కిందికి వచ్చేది తక్కువ అని కూడా గమనించాడు. అలా ఎందుకు అమర్చారో చాలా రోజులు ఆలోచించి, రామానుజం మాటలతో కలుపుకుని, చివరికి తనే తెలుసుకున్నాడు.

యాభై నాలుగులో క్లబ్బులో నళిని చేరింది. శాలిబండ వకీలు విఠల్‌రావు కూతురు. ఇరవై ఏళ్ళ పిల్ల, భయం తెలియదు. కానీ మలుపు దగ్గరే చిక్కు. ఎడమకు తిరగమంటే కర్ర ఎడమకు వంచేది, విమానం ఎడమకు వాలేది, ముక్కు మాత్రం ముందుగా కుడికి కొట్టుకుపోయేది. వారం రోజులుగా రామానుజం "కాలు! కాలు!" అని అరుస్తున్నాడు. ఒకరోజు ఆమె దిగి వచ్చి, తోలు టోపీ తీసి బల్ల మీద విసిరి, కుట్టుపని చేస్తున్న సాయిలు పక్కన కూలబడింది.

"ఎడమకు పొమ్మంటే కుడికి చూస్తది సాయిలన్నా. ఇది ఏం మొండితనమో నాకైతే సమజ్ అయితలేదు."

"మొండితనం కాదమ్మా. గాలి లెక్క అది" అన్నాడు సాయిలు సూది గుడ్డకు గుచ్చి పెడుతూ. "బస్సుల పోతున్నప్పుడు కిటికీలకెళ్ళి చెయ్యి బయట పెట్టిన్రా ఎన్నడన్న?"

"పెట్టిన."

"అరచెయ్యి సాపుగ పెడితే ఊకుంటది. ముందటి అంచు కొంచెం పైకి లేపితే చెయ్యి పైకి లేస్తది. లేస్తది గని, అంతటితోని ఆగుతదా? వెనక్కి సుత గుంజుతది. ఎక్కువ లేపితే ఎక్కువ గుంజుతది. గాలి ఊకనే లేపదు."

నళిని తన చేతిని చూసుకుంది.

"మీరు ఎడమకు వంచితే కుడి రెక్క లేవాలె. దాని పలక కిందికి దిగుతది, ఆ రెక్క ఎక్కువ లేస్తది. లేసేదే ఎక్కువ గుంజబడ్తది. ఎడమ రెక్కకు లేపుడు తక్కువ, గుంజుడు తక్కువ. కుడిభుజం పట్టి ఎవరన్న వెనక్కి లాగితే మీ మొకం ఏదిక్కు తిరుగుతది?"

"కుడి దిక్కు" అంది నళిని. వెంటనే లేచి నిలబడింది. "అందుకే ముక్కు కుడికి పోతున్నది!"

"అందుకే. గట్ల కావొద్దనే పలక పైకి ఎక్కువ, కిందికి తక్కువ పోయెటట్టు పెట్టిన్రు. అయినా మొత్తం పోదు. మిగిలిన దాన్ని మీ ఎడమకాలు ఆపాలె. చెయ్యి, కాలు ఒక్కసారే కదలాలె. చెయ్యి ముందు, కాలు తర్వాత అంటే ఆలస్యం అయితది. వంపు సరిపోయినంక కర్ర నడుమకు తెస్తరు కదా, అప్పుడు పలకలు మళ్ళ సాపుగ ఉంటయి. గుంజుడు పోతది. కాలు సుత అల్కగ చేసుకోవాలె. లేకపోతే కాలే ముక్కును లోపలికి తోస్తది."

వెనక నిలబడి రామానుజం విన్నాడని ఆ ఇద్దరికీ తెలియదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నవ్?" అన్నాడాయన.

సాయిలు లేవబోయాడు. "కుట్టుకుంట విన్న సార్. మీరే చెప్పిన్రు."

"నేను ఇంత మంచిగ ఎన్నడూ చెప్పలే" అన్నాడు రామానుజం.

మరునాడు నళిని మలుపు తిరిగి వచ్చింది. ముక్కు కుడికి కదలనే లేదట. దిగుతూనే పరుగెత్తుకొచ్చి సాయిలు రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. 

ఆ పై నెలలో ఒక విమానానికి నాలుగు రెక్కలూ కొత్త గుడ్డ తొడిగారు. పరీక్షకు ఎగిరే పొద్దున రామానుజం షెడ్డులోకి వచ్చి, "కుట్టినోడు ఎక్కాలె గద. నడువ్" అన్నాడు. సాయిలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని పని బల్ల మీద పెట్టి లేచాడు. విమానంలో మనిషి కూర్చునే గుంటలు రెండు; దేనికదే కర్ర, దండె. ఇద్దరు పట్టి ముందు గుంటలో కూర్చోబెట్టారు. రామానుజం వెనక గుంటలో కూర్చున్నాడు. మాట్లాడుకోవడానికి ఇద్దరి చెవులకూ రబ్బరు గొట్టాలు.

నేల వదిలిన క్షణం సాయిలుకు తెలియనే లేదు. చక్రాల మోత ఆగిపోయింది, అంతే. హుసేన్‌సాగర్ పక్కకు జారింది. ఇంజను మోత, ముఖానికి కొట్టే చలిగాలి. తను కుట్టిన గుడ్డ వైపు చూశాడు. ఎక్కడా వదులు లేదు.

గొట్టంలో మాట వినబడింది. "కర్ర పట్టుకో. నేనూ పట్టుకున్నలే, ఫికర్ చెయ్యకు. కుడికి తిప్పు."

ఆరేళ్ళుగా కలలో తిప్పిన మలుపే అది. కర్ర కుడికి, దానితోపాటే కుడికాలు. ముక్కు తడబడకుండా కుడికి నడిచింది. గాలి సూటిగా ముఖానికే కొడుతోంది. సాయిలు గుండె నిండిపోయింది. కానీ మలుపులోంచి బయటికి రావాలంటే కర్ర ఎడమకు వంచి ఎడమకాలు నొక్కాలి. నొక్కాడు. ఆ కాలు కదల్లేదు. దండె కదల్లేదు. రెక్కలు సమానమవుతున్నాయి గాని ముక్కు ఇంకా కుడికే పాకుతోంది. గాలి ఎడమచెంప మీద చెళ్ళున కొట్టింది.

"ఎడమకు తిప్పు" అన్నాడు రామానుజం.

కర్ర ఎడమకు వంచాడు. ముక్కు కుడికి కొట్టుకుపోయింది. నళినికి తను చెప్పిందంతా కళ్ళముందు జరుగుతోంది. తెలుసు, అన్నీ తెలుసు, కాలు రాదు. ఉండబట్టలేక ఎడమచేత్తో మోకాలును ముందుకు తోశాడు. ఆలస్యంగా, ఎక్కువగా పడింది. ముక్కు ఎగిరిపడ్డట్టు ఎడమకు తిరిగింది. ఇప్పుడు గాలి కుడిచెంప మీద కొట్టింది.

"ఇయ్యి నాకు" అని రామానుజం తీసుకున్నాడు.

ఆ రాత్రే కాదు, ఆ వారమంతా సాయిలు అన్యమనస్కంగా ఉన్నాడు. ఆకాశం ఎలా ఉంటుందో తెలియనప్పుడే నయం. ఇప్పుడు తెలిసింది. కుడికి సగం ఆకాశం ఉంది, ఎడమకు లేదు. ధూల్‌పేట మేడల మీద పతంగులు ఎగురుతుంటే కూడా అటు చూడబుద్ధి కాలేదు. సత్తెమ్మ ఒక సాయంత్రం అతని ఎదురుగా కూర్చుంది.

"ఏమైందో చెప్పు. మింగుకుంట కూసోకు."

చెప్పాడు. దండె నడుమ మేకు మీద తిరుగుతుందనీ, ఎడమ కొన ముందుకు పోవాలనీ, తన కాలికి ఆ బలం లేదనీ చెప్పాడు. ఆమె పీట మీద అట్లకాడను పెట్టి, నడుమ వేలితో నొక్కి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎడమ కొన ముందుకు పోవాలంటే కుడి కొన వెనక్కి వస్తే సుత అయితది కద?" అంది.

సాయిలు ఆమె ముఖంలోకి చూశాడు. కుడికాలు నొక్కడానికే కాదు, గుంజడానికీ ఉంది. కానీ గుంజాలంటే పాదం దండెకు అంటుకుని ఉండాలి.

మూడు రోజుల్లో పట్టీ కుట్టాడు. మెత్తని తోలు, లోపల కాన్వాసు. దండె కుడి కొనకు బిగించి, పాదాన్ని పైనుంచి, మడమను వెనకనుంచి పట్టేది. రామానుజం దాన్ని చేతిలో తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏదన్న అయి దిగి ఉరకాల్సి వస్తే? కాలు దీంట్ల ఇరుక్కుంటే?"

"అందుకే ఈడ చూడుండ్రి సార్." సాయిలు అతుకు చూపించాడు. "మొత్తం మైనం దారమే. ఈ ఒక్క అతుకు మాత్రం సన్న దారంతోని నాలుగే కుట్లు. మెల్లగ గుంజితే ఆగుతది. ఝటక ఇస్తే తెగుతది."

రామానుజం నమ్మలేదు. నేల మీద నిలిపిన విమానంలో కూర్చోబెట్టి, ఒక్క ఉదుటున కాలు లాగి ఝటక ఇమ్మన్నాడు. తెగింది. మళ్ళీ కుట్టించి, మళ్ళీ ఇప్పించాడు. మూడుసార్లూ తెగింది. నాలుగోసారి కుట్టాక, "రేపు పొద్దున రా" అన్నాడు.

ఆ పొద్దున గాలి లేదు. మూసీ మీదుగా దక్షిణానికి పోయారు. ఎత్తు చాలినాక గొట్టంలో, "నీదే" అని వినబడింది. సాయిలు ఎడమకాలిని ఓ పక్కకు జరిపి నేలకు ఆనించుకున్నాడు. కర్ర మెల్లగా ఎడమకు వంచాడు. దానితోపాటే కుడిపాదాన్ని వెనక్కి గుంజాడు. కుడి రెక్క లేచింది. ముక్కు కుడికి పోవాలని చూసి, పోలేకపోయింది. ఒక్క అర అంగుళం కూడా తప్పిపోకుండా ఎడమకు నడవడం మొదలుపెట్టింది. వంపు చాలనిపించగానే కర్ర నడుమకు తెచ్చాడు, పాదం వదులు చేశాడు. గాలి ఏ చెంపనూ తాకలేదు. ఎడమ రెక్క కొన కింద చార్మినార్ నాలుగు మీనార్లూ నెమ్మదిగా తిరుగుతున్నాయి. మక్కా మసీదు, దాని వెనక పావురాల గుంపు, పత్తర్‌గట్టి కమాన్ల వరుస. ఆ కమాన్ల దగ్గరే ఎక్కడో అన్నలు మిషను తొక్కుతూ ఉంటారు.

"సాయిలూ, నా రెండు చేతులు బయటున్నయి. కాళ్ళు సుత తీసేసిన" అన్నాడు రామానుజం.

కర్ర కుడికి, కుడికాలు ముందుకు. రెక్కలు సమానమయ్యాయి. మళ్ళీ ఎడమకు తిప్పాడు. ఇంకోసారి. ఇంకోసారి. రామానుజం ఆపమనలేదు.

దిగాక ఆయనే అర్జీ రాశాడు. లైసెన్సు కావాలంటే ముందు వైద్యుల బోర్డు ఒప్పుకోవాలి. మూడు వారాలు సంతోషంతో సాయిలు నేల మీద నడవలేదు. సత్తెమ్మ కూడా అద్దంలో చూసుకున్నట్టు అతని ముఖం చూసి నవ్వుకునేది.

పరీక్షించిన డాక్టరు మంచివాడు. కాలును తట్టి చూశాడు, పట్టీ చూపించమన్నాడు, చెప్పిందంతా విన్నాడు. చివరికి ఆ నాలుగు కుట్ల అతుకు మీద వేలు పెట్టాడు.

"ఇది గట్టిగ గుంజితే తెగాలని కుట్టినవ్. అవునా?"

"అవును సాబ్."

"దిగేటప్పుడు గాలి అడ్డంగ కొడుతది. ఒక్కడివే ఉంటవ్. అప్పుడు ఎడమకు రడ్డర్ మొత్తం కావాలె, గట్టిగ గుంజుతవ్. తెగితే?"

సాయిలు నోరు తెరిచాడు. గట్టి దారంతో కుడతానందామనుకున్నాడు. గట్టి దారమైతే కాలు బయటికి రాదు. కుట్టు గురించి అబద్ధం చెప్పడం అతనికి రాదు.

"తెగుతది సాబ్" అన్నాడు.

డాక్టరు కాగితం మీద పనికిరాడని రాసి, సంతకం పెట్టి, లేచి నిలబడి అతనికి చెయ్యి ఇచ్చాడు.

ఆ తర్వాత సాయిలు మళ్ళీ ఎగరలేదు. రామానుజం రెండుసార్లు పిలిచాడు, పని ఉందన్నాడు. పని నిజంగానే ఉంది. రెక్కలతో పాటు ఇంకో పని కూడా నెత్తికెత్తుకున్నాడు. పనికిరాని ఒక కుర్చీ ముందు దండె బిగించి, కర్ర నాటి, కొత్తవాళ్ళను కూర్చోబెట్టి చెయ్యీ కాలూ కలిపి కదిలించడం నేర్పేవాడు. కళ్ళు మూసుకోమనేవాడు. చెయ్యి ముందు కదిలితే చిన్న పుల్లతో మోకాలి మీద తట్టేవాడు. ఒక్కొక్కరికి వంద ఎడమలు, వంద కుడులు. వాళ్ళు పైకి వెళ్ళి మలుపు తిరుగుతుంటే గుమ్మంలో నిలబడి చూసి, ముక్కు తడబడిందో లేదో నేల మీదనుంచే చెప్పేవాడు.

యాభై ఏడులో నళినికి లైసెన్సు వచ్చింది. మొదటిసారిగా మనిషిని ఎక్కించుకోవచ్చని తెలిసిన రోజే షెడ్డుకు వచ్చింది.

"మొదలు మిమ్మల్నే తీస్కపోత సాయిలన్నా. కాదనొద్దు."

సాయిలు చేతిలోని గుడ్డను మడత పెట్టాడు. "నేను రానమ్మా."

"ఎందుకు?"

"ముందు గుంటల సుత దండె ఉంటది. మీరు తిప్పుతుంటే నా కాళ్ళ కింద కదుల్తది. తాకకుండ కూసోవాలె. నా కుడికాలు ఊకోదు." మడత పెట్టిన గుడ్డను పక్కన పెట్టి అన్నాడు, "మా ఇంటామెను తీస్కపోతరా? అట్లకాడతోని నాకు దారి చూపెట్టింది ఆమెనే."

ఆదివారం సత్తెమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. తోలు టోపీ పెడితే కొప్పు పట్టక నళినీ ఆమే చాలాసేపు నవ్వుకున్నారు. పైకి వెళ్ళేముందు ఆమె సాయిలు వైపు చూసింది. భయపడుతున్నదేమో అనుకున్నాడు. ఆమె భయం తన గురించి కాదు, అతని గురించి. విమానం లేచి పాతబస్తీ వైపు పోయింది. సాయిలు గడ్డిలో ఒక్కడే నిలబడ్డాడు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. సత్తెమ్మ మాటలు ఆగలేదు. మన ఇంటి మీద ఎండబెట్టిన మిరపకాయలు ఎర్రటి రుమాలులాగ కనబడ్డాయంది. ఫలక్‌నుమా చేతిలో పట్టేంత ఉందంది. మూసీ ఇంత సన్నదని తెలియదంది.

సాయిలు అన్నీ విని, "విమానం మలిగింది కద చార్మినార్ కాడ? ఎడమకు?" అన్నాడు.

"మలిగిందా?" సత్తెమ్మ ఆలోచించింది. "నాకైతే తెల్వలే. నేను కదలకుంట కూసున్న. ఊరే మెల్లగ నా చుట్టు తిరిగింది."

సాయిలు కళ్ళు మూసుకున్నాడు. బస్సు ఖైరతాబాదు దాటింది.

"మళ్ళొక్కసారి చెప్పు" అన్నాడు.

ఆమె మొదటినుంచి మొదలుపెట్టింది. చార్మినార్ దగ్గరికి వచ్చాక ఆగి, అతని ముఖం చూసి, అక్కడ ఇంకా నెమ్మదిగా చెప్పింది. అఫ్జల్‌గంజ్ వచ్చిందని కండక్టరు కేకేసేదాకా బస్సు ఆగిందని వాళ్ళకు తెలియలేదు.